కార్డు ముక్కలు చేస్తే ఖాతా మూసినట్లు కాదు
రాతపూర్వక అభ్యర్థన, ‘బకాయి లేదు’ పత్రం ఉంటేనే క్రెడిట్ కార్డు బంధం తెగేది

తెనాలి: క్రెడిట్ కార్డు వద్దనుకున్న వారిలో చాలామంది చేసే పని ఒకటే. చివరి బిల్లు కట్టేసి, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేస్తారు. అంతటితో పీడ విరగడైందని అనుకుంటారు. బ్యాంకు పుస్తకాల్లో మాత్రం ఆ ఖాతా అలాగే సజీవంగా ఉంటుంది. ప్లాస్టిక్ ముక్క వేరు, దాని వెనుక ఉన్న అప్పు ఖాతా వేరు. ఖాతా మూయమని ఖాతాదారు స్వయంగా కోరి, బ్యాంకు మూసి, ఆ సంగతిని కాగితంపై ఒప్పుకునే వరకు వార్షిక రుసుము, వడ్డీ, ఆలస్య రుసుము పడటానికి దారి తెరిచే ఉంటుంది. కొన్ని వందల రూపాయల బాకీ ఇంటి రుణాన్నే అడ్డుకునే పరిస్థితి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

యాప్‌లోనో ఫోన్‌లోనో కార్డును ‘బ్లాక్’ చేయించడం కూడా మూసివేత కాదు. కార్డు పోయినప్పుడు దుర్వినియోగం కాకుండా ఆపడానికే ఆ సౌకర్యం ఉంది. బ్లాక్ చేసిన కార్డు స్థానంలో కొత్త కార్డు పంపడం బ్యాంకులకు పరిపాటి. పాత కార్డు గడువు తీరిపోయినా అంతే, ఖాతా మిగిలే ఉంటుంది.

రూ.554 తెచ్చిన తంటా

లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పట్టణంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. ఆయన కార్డుకు ప్రతి నెలా 18వ తేదీన స్టేట్‌మెంటు తయారవుతుంది. చెల్లింపునకు మరుసటి నెల 7వ తేదీ గడువు. మే నెల బిల్లులో కొంత మాత్రమే కట్టారు. మిగిలిన బాకీతో కలిపి జూన్ 18 స్టేట్‌మెంటులో రూ.24,000 వచ్చింది. ఇక కార్డు వద్దనుకుని, గడువుకు రెండు రోజుల ముందే, జూలై 5న మొత్తం రూ.24,000 చెల్లించి కార్డును కత్తిరించేశారు. ఆయన లెక్క ప్రకారం బాకీ సున్నా.

బ్యాంకు లెక్క అలా ఉండదు. ఒక నెల బిల్లును పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు రద్దవుతుంది. ఆ తరువాత బాకీపై రోజువారీగా వడ్డీ నడుస్తుంది. స్టేట్‌మెంటులో కనిపించే అంకె ఆ స్టేట్‌మెంటు తేదీ వరకే. జూన్ 19 నుంచి జూలై 5 వరకు 17 రోజుల వడ్డీ అందులో ఉండదు, తరువాతి స్టేట్‌మెంటులో వస్తుంది. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ ఉన్న కార్డుపై రూ.24,000కు రోజుకు సుమారు రూ.27.60 పడుతుంది. పదిహేడు రోజులకు రూ.469. దానిపై 18 శాతం జీఎస్‌టీ రూ.85. వెరసి రూ.554.

జూలై 18న ఈ రూ.554తో స్టేట్‌మెంటు ఈమెయిల్‌కు వచ్చింది. మాస్టారు దాన్ని తెరవలేదు. కార్డే లేనప్పుడు బిల్లేమిటన్నది ఆయన భావన. ఆగస్టు 7 గడువు దాటింది. ఆ కార్డు రుసుముల పట్టికలో అంత బాకీకి ఆలస్య రుసుము రూ.500 ఉందనుకుంటే, జీఎస్‌టీతో రూ.590 అవుతుంది. ఆగస్టు స్టేట్‌మెంటులో బాకీ రూ.1,144కు చేరింది. అసలు బాకీ కంటే జరిమానా ఎక్కువ. అటుపై ప్రతి గడువుకూ మరో రుసుము తోడవుతుంది. మధ్యలో కార్డు తీసుకున్న నెల వస్తే వార్షిక రుసుము కూడా చేరుతుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు నష్టం వేరే చోట జరుగుతోంది. గడువు దాటిన బాకీని బ్యాంకు క్రెడిట్ సమాచార సంస్థలకు నివేదిస్తుంది. గడువు తేదీ నుంచి 90 రోజుల్లోగా కనీస మొత్తం కూడా అందకపోతే ఆ కార్డు ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆగస్టు 7 నుంచి లెక్కిస్తే నవంబర్ మొదటి వారానికి ఆ గడువు పూర్తవుతుంది. అదే నెలలో కుమారుడి ఇంటి రుణానికి మాస్టారు సహ రుణగ్రహీతగా సంతకం చేశారు. రుణం ఇవ్వాల్సిన బ్యాంకు ఆయన నివేదిక తెప్పించి చూసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క అప్పూ ఎగ్గొట్టని మనిషి పేరు ఎదుట ఎగవేత కనిపించింది.

ఇందులో బ్యాంకును పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. ఆ రూ.554 నిజంగా బాకీయే. కానీ జూలై 5న డబ్బుతో పాటు ఒక ఉత్తరం కూడా వెళ్లి ఉంటే, ఖాతా మూయడమో, ఫలానా మొత్తం ఇంకా ఉందని చెప్పడమో ఏదో ఒకటి బ్యాంకు చేయక తప్పేది కాదు. ఆ ఉత్తరం లేకపోవడమే ఇక్కడి లోపం.

నిబంధన ఏం చెబుతోంది

క్రెడిట్, డెబిట్ కార్డుల జారీ, నిర్వహణపై రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వెలువరించింది. అదే ఏడాది జూలై 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఖాతాదారు బకాయిలన్నీ చెల్లించి మూసివేత కోరితే ఏడు పనిదినాల్లో బ్యాంకు కార్డు ఖాతాను మూయాలి. మూసిన వెంటనే ఈమెయిల్, ఎస్ఎంఎస్ వంటి మార్గాల్లో ఆ విషయం తెలియజేయాలి. అభ్యర్థన పంపడానికి హెల్ప్‌లైన్, ప్రత్యేక ఈమెయిల్, ఐవీఆర్, వెబ్‌సైట్‌లో స్పష్టంగా కనిపించే లంకె, ఇంటర్నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్ వంటి పలు మార్గాలు కల్పించాలి. పోస్టులోనే పంపాలని, మరో విధంగా జాప్యమయ్యే మార్గంలోనే రావాలని బ్యాంకు పట్టుబట్టరాదు.

ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆ తరువాత ఖాతా మూసే వరకు ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ.500 చొప్పున ఖాతాదారుకు చెల్లించాలి. గడువును పనిదినాల్లో లెక్కించినా జరిమానాను క్యాలెండర్ రోజుల్లో లెక్కిస్తారు. ఆదివారాలు, సెలవులు కూడా అందులో కలుస్తాయి. పన్నెండు రోజులు ఆలస్యమైతే రూ.6,000 రావాలి. అయితే దీనికొక షరతు ఉంది. ఖాతాలో బాకీ ఏమీ ఉండకూడదు. మాస్టారి ఉదాహరణలో మాదిరిగా రూ.554 మిగిలి ఉంటే ఈ హక్కు వర్తించదు. అందుకే చివరి రూపాయి లెక్క తేలడం అంత ముఖ్యం.

ఏడాదికి పైగా వాడని కార్డును ఖాతాదారుకు తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బాకీలు లేనిపక్షంలో బ్యాంకే మూయాలని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. దీన్ని నమ్ముకుని ఊరుకోవడం మంచిది కాదు. ఏడాది గడిచేలోగా వార్షిక రుసుము పడితే ఖాతాలో బాకీ ఉన్నట్లే లెక్క.

ఉత్తరానికి ముందు చేయాల్సినవి

ముందుగా కార్డుకు తగిలించి ఉన్న వాటిని విప్పాలి. కరెంటు బిల్లు, ఫోను బిల్లు, బీమా ప్రీమియం, సినిమా యాప్ చందా వంటివి కార్డు నుంచి నెలనెలా వాటంతట అవే కట్ అయ్యేలా పెట్టి ఉంటే రద్దు చేసుకోవాలి. రూపే కార్డును యూపీఐకి జోడించి ఉంటే తొలగించాలి. కార్డుపై వాయిదాల్లో ఫోనో ఫ్రిజ్జో కొని ఉంటే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాల్సి వస్తుంది. దానికి ముందస్తు ముగింపు రుసుము ఎంతో అడిగి తెలుసుకోవాలి. వెనక్కి ఇచ్చిన సరుకు తాలూకు సొమ్ము కార్డుకు తిరిగి రావాల్సి ఉంటే అది జమయ్యే వరకు ఆగడం మేలు. పోగైన రివార్డు పాయింట్లు ఖాతా మూశాక సాధారణంగా పోతాయి కాబట్టి ముందే వాడుకోవాలి.

ఆ తరువాత కార్డు వెనుక ముద్రించి ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగాలి. ‘‘ఈరోజు డబ్బు కడితే, ఇంకా బిల్లులోకి ఎక్కని కొనుగోళ్లు, ఈనాటి వరకు వడ్డీ, పన్ను అన్నీ కలిపి ఖాతా మూయడానికి ఎంత కట్టాలి?’’ స్టేట్‌మెంటులోని మొత్తం ఎంత అని అడిగితే పాత అంకే చెబుతారు. మాస్టారు జూలై 5న ఈ ప్రశ్న అడిగి ఉంటే రూ.24,554 అన్న జవాబు వచ్చేది. నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకరాదు. బ్యాంకుల కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు పెట్టిన నంబర్లు అక్కడ కనిపిస్తుంటాయి. కార్డు రద్దు చేస్తామంటూ ఓటీపీ అడిగిన వారికి చెబితే ఖాతా మూతపడకపోగా ఖాళీ అవుతుంది.

కట్టిన రోజునే యాప్‌లో ఆన్‌లైన్, దుకాణ, విదేశీ లావాదేవీలన్నిటినీ ఆపివేసే మీటలు నొక్కాలి. దీంతో కొత్త ఖర్చు చేరదు.

ఉత్తరంలో ఏముండాలి

ఫోన్‌లో చెప్పినా నిబంధన ప్రకారం అభ్యర్థనే. కానీ రేపు వివాదం వస్తే ఎవరు ఏమన్నారో తేల్చే సాక్ష్యం ఖాతాదారు చేతిలో ఉండదు. కనుక బ్యాంకు తన వెబ్‌సైట్‌లో పేర్కొన్న ఈమెయిల్‌కు, నమోదైన సొంత ఈమెయిల్ నుంచి రాయడం ఉత్తమం. ఈమెయిల్ అలవాటు లేనివారు శాఖలో రెండు ప్రతులు ఇచ్చి, ఒకదానిపై తేదీతో ముద్ర, సంతకం వేయించుకోవాలి. కార్డుల విభాగం వేరే ఊళ్లో ఉందని శాఖలో తీసుకోకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రశీదు దాచుకోవచ్చు. యాప్‌లో అభ్యర్థన పెట్టిన వారు అభ్యర్థన సంఖ్య కనిపించే తెరను ఫొటో తీసి ఉంచుకోవాలి.

ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు. కార్డు పూర్తి సంఖ్య, సీవీవీ, పిన్ రాయరాదు. చివరి నాలుగు అంకెలు చాలు. నమూనా ఇలా ఉండవచ్చు:

‘‘అయ్యా, మీ బ్యాంకు జారీ చేసిన, చివరి నాలుగు అంకెలు ____ గల నా క్రెడిట్ కార్డు ఖాతాను, దానిపై జారీ అయిన అదనపు కార్డులతో సహా శాశ్వతంగా మూసివేయవలసిందిగా కోరుతున్నాను. మీ హెల్ప్‌లైన్ తెలిపిన మేరకు ఈ ఖాతా పూర్తి బాకీ రూ.____ ను ____ తేదీన, ____ లావాదేవీ సంఖ్యతో చెల్లించాను. ఇంకా ఏదైనా బాకీ ఉందని మీరు భావిస్తే దాని వివరాలను, లెక్కించిన విధానాన్ని వెంటనే రాతపూర్వకంగా తెలుపగలరు. నా సొమ్ము ఏదైనా మిగిలి ఉంటే ____ పొదుపు ఖాతాకు జమ చేయగలరు. ఖాతా మూసిన తేదీని, బాకీ సున్నా అని పేర్కొంటూ నో డ్యూస్ సర్టిఫికెట్ పంపగలరు. మూసివేత సమాచారాన్ని క్రెడిట్ సమాచార సంస్థలకు 30 రోజుల్లో తెలియజేయగలరు. కార్డును కొనసాగించేందుకు ఎలాంటి ప్రత్యేక ఆఫర్లూ నాకు అవసరం లేదు.’’

చివరి వాక్యం వృథా కాదు. మూసివేత కోరగానే బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. వార్షిక రుసుము మాఫీ చేస్తామని, పరిమితి పెంచుతామని, మరో రకం కార్డు ఇస్తామని చెబుతారు. అవతలి వారు మర్యాదగా మాట్లాడుతుంటే ఖాతాదారు మొహమాటానికి ‘సరే, చూద్దాం’ అంటారు. ఆ ఒక్క మాటతో అభ్యర్థనను ఉపసంహరించుకున్నట్లుగా నమోదు చేస్తే ఏడు రోజుల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఉత్తరంలో ముందే వద్దని రాసి ఉంటే ఫోన్‌లో ‘నా ఉత్తరంలో రాసిందే నా మాట’ అని ఊరుకోవచ్చు.

‘ఇంకా ఏదైనా బాకీ ఉందని భావిస్తే’ అన్న వాక్యానికి కూడా ప్రయోజనం ఉంది. మిగులు వడ్డీ ఉంటే అది వారం పది రోజుల్లోనే బయటపడుతుంది. కట్టి, కట్టినట్లు అదే ఉత్తరానికి జవాబుగా రాస్తే, బాకీ సున్నా అయిన తేదీ తిరుగులేకుండా నిలుస్తుంది. ఏడు పనిదినాలను అక్కడి నుంచి లెక్కించుకోవచ్చు. సోమవారం కట్టి అభ్యర్థన అందజేస్తే, మధ్యలో శనివారం పనిదినమైతే మరుసటి మంగళవారానికి, రెండో లేదా నాలుగో శనివారమై సెలవుంటే బుధవారానికి గడువు తీరుతుంది.

‘మూసివేత’, ‘బకాయి లేదు’, ‘సెటిల్’... మూడూ వేరు

‘మీ కార్డు మూసివేయబడింది’ అన్న ఎస్ఎంఎస్ వచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఎస్ఎంఎస్ నిలిచేది కాదు. ఫోను మారితే పోతుంది. పైగా బాకీ సంగతి అందులో ఉండకపోవచ్చు. నో డ్యూస్ సర్టిఫికెట్‌లో బ్యాంకు పేరు, ఖాతాదారు పేరు, కార్డు చివరి అంకెలు, ఖాతా మూసిన తేదీ, రావాల్సిన బాకీ సున్నా అన్న మాట, జారీ తేదీ స్పష్టంగా ఉండాలి. ‘ఈ తేదీ నాటికి బాకీ లేదు’ అని మాత్రమే ఉండి, ఖాతా మూసినట్లు లేకపోతే మళ్లీ రాయించుకోవాలి. నడుస్తున్న ఖాతాకు కూడా అలాంటి పత్రం ఇవ్వవచ్చు. మరుసటి నెల రుసుము పడితే ఆ పత్రం అక్కరకు రాదు.

మూడో మాటతో మరింత జాగ్రత్త అవసరం. బాకీ పేరుకుపోయిన వారికి వసూలు ప్రతినిధులు ‘లక్షలో నలభై వేలు కట్టండి, లెక్క ముగించేస్తాం’ అని చెబుతారు. అది నిజమైన ప్రతిపాదనే కావచ్చు. కానీ అలా ముగిసిన ఖాతా నివేదికలో ‘క్లోజ్డ్’ అని గాక ‘సెటిల్డ్’ అని కనిపిస్తుంది. బ్యాంకు తనకు రావాల్సిన దానిలో కొంత వదులుకుందని దాని అర్థం. తరువాత రుణమిచ్చే వారు దాన్ని మంచి గుర్తుగా చూడరు. చేతిలో డబ్బు లేని కుటుంబానికి సెటిల్‌మెంటే దారి కావచ్చు. కాకపోతే ఏ మాట నివేదికకు ఎక్కుతుందో డబ్బు కట్టకముందే బ్యాంకు లెటర్‌హెడ్‌పై తీసుకోవాలి. వసూలు ప్రతినిధి వాట్సాప్‌లో పంపిన హామీ సరిపోదు. సొమ్మును కార్డు ఖాతాకే జమ చేయాలి. ప్రతినిధి చేతికి నగదు ఇవ్వకూడదు.

పత్రం వచ్చాకా చూడాల్సింది ఉంది

మూసివేత సమాచారాన్ని 30 రోజుల్లో క్రెడిట్ సమాచార సంస్థలకు చేరవేయడం బ్యాంకు బాధ్యత. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అన్న నాలుగు సంస్థలు దేశంలో ఈ నివేదికలు నిర్వహిస్తున్నాయి. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. నెలన్నర తరువాత నివేదిక తెప్పించుకుని ఆ కార్డు వద్ద ఖాతా మూసిన తేదీ పడిందా, బాకీ సున్నాగా ఉందా, గడువు దాటిన మొత్తం గడి ఖాళీగా ఉందా అన్నవి చూసుకోవాలి. ఒక సంస్థలో సరిగా ఉండి మరొక దానిలో పాత బాకీ అలాగే ఉండటమూ సాధ్యమే.

తప్పు కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే వివాదం నమోదు చేసి నో డ్యూస్ సర్టిఫికెట్ ప్రతిని జత చేయాలి. బ్యాంకుకూ అదే రోజు రాయడం మంచిది. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబర్‌లో ఆదేశించింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది.

ఇక్కడ ఒక పరిమితిని దాచకుండా చెప్పుకోవాలి. నో డ్యూస్ సర్టిఫికెట్ గతాన్ని చెరిపివేయదు. మాస్టారు నవంబరులో బాకీ కట్టి, ఖాతా మూయించి, పత్రం తెచ్చుకున్నా, ఆగస్టు నుంచి చెల్లించని నెలల చరిత్ర నివేదికలో ఉండిపోతుంది. నిజంగా జరిగిన ఆలస్యాన్ని తొలగించమని కోరే హక్కు లేదు. బ్యాంకు పొరపాటున నమోదు చేసి ఉంటేనే సవరణకు వీలుంటుంది. అయినా ఆయనకు పత్రంతో ప్రయోజనం లేకపోలేదు. ఇంటి రుణం ఇచ్చే మేనేజరు ముందు దాన్ని, జూలై 5 నాటి రూ.24,000 చెల్లింపు రశీదును, రూ.554 వడ్డీ లెక్కను కలిపి పెడితే, ఎగవేత కాదు, మిగులు వడ్డీ తెలియక జరిగిన జాప్యమని వివరించవచ్చు. ఆలస్య రుసుముల మాఫీ కోరుతూ కార్డు బ్యాంకుకు రాయడంలోనూ తప్పు లేదు. మాఫీ చేయాలన్న నిర్బంధం లేకున్నా, గతంలో సక్రమంగా కట్టిన వారి విషయంలో బ్యాంకులు కొంత సడలిస్తుంటాయి.

జవాబు రాకపోతే

అభ్యర్థనకు స్పందన లేకపోతే ముందు అదే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి, ఆపై వెబ్‌సైట్‌లో పేర్కొన్న నోడల్ అధికారికి రాయాలి. పాత అభ్యర్థన తేదీ, సంఖ్య ప్రస్తావించి, రోజుకు రూ.500 పరిహారాన్ని కూడా అందులోనే కోరాలి. అడగనిదే ఆ సొమ్ము వస్తుందని ఆశించడం కష్టం. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తి కలిగించకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రుసుమేమీ లేదు, న్యాయవాది అవసరం లేదు. సందేహాలకు 14448 నంబరు ఉంది. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా వెళితే ఫిర్యాదును స్వీకరించరు. శాఖలో ముద్ర వేయించుకున్న ఆ ప్రతి విలువ ఇక్కడే తెలుస్తుంది.

పొదుపు ఖాతా కూడా మూసేటప్పుడు

ఉద్యోగం మారినప్పుడు కార్డుతో పాటు జీతం ఖాతానూ వదిలించుకునే వారున్నారు. ఇందులో వరుస ముఖ్యం. ముందు కార్డు, తరువాత ఖాతా. కార్డు బిల్లు ఆ ఖాతా నుంచే కట్ అయ్యేలా ఉంటే, ఖాతా ముందు మూసినప్పుడు చెల్లింపు ఆగి కార్డుపై ఆలస్య రుసుము పడుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా తీసుకున్న కార్డైతే, మూసివేత అనంతరం ఆ డిపాజిట్‌పై ఉన్న తాత్కాలిక హక్కును తొలగించినట్లు కూడా రాయించుకోవాలి.

పొదుపు ఖాతా మూసివేతకు ఖాతాదారు సంతకంతో దరఖాస్తు ఇవ్వాలి. ఉమ్మడి ఖాతా అయితే ఖాతా తెరిచినప్పటి ఏర్పాటును బట్టి అందరి సంతకాలు అడగవచ్చు. వాడని చెక్కులు, డెబిట్ కార్డు తిరిగి ఇవ్వాలి. గ్యాస్ రాయితీ, పింఛను, ధాన్యం సొమ్ము, ఉపాధి కూలి వంటివి ఆధార్ ద్వారా ఏ ఖాతాకు వస్తున్నాయో చూసుకుని ముందు వేరే ఖాతాకు మార్చుకోవాలి. బీమా వాయిదా, రుణ వాయిదా ఆ ఖాతాలో ఉంటే వాటి ఆదేశాలను కూడా మార్చాలి. మూసే ముందు కనీసం ఏడాది స్టేట్‌మెంటు తీసి ఉంచుకుంటే ఆదాయపు పన్ను రిటర్నుల వేళ తిరగాల్సిన పని ఉండదు. చివరగా ఇక్కడ కూడా ఖాతా మూసిన తేదీ, నిల్వ సున్నా అని తెలిపే పత్రం కోరాలి.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లేవారికి ఈ పనులన్నీ ఊరు విడిచేలోగా ముగించడం అవసరం. వెళ్లాక ఇక్కడి సిమ్ రీఛార్జి లేక రద్దయితే నమోదైన నంబరుకు వచ్చే ఓటీపీ అందదు. అప్పుడు యాప్ తెరుచుకోదు, హెల్ప్‌లైన్ గుర్తింపు అంగీకరించదు. తల్లిదండ్రులు శాఖకు వెళ్లి అడిగినా ఖాతాదారు కానందున బ్యాంకు వివరాలు చెప్పదు. అలాంటి పరిస్థితిలో నమోదైన ఈమెయిల్ ఒక్కటే దారిగా మిగులుతుంది. అందులోంచి, పాస్‌పోర్టు ప్రతి జత చేసి, ముందుగా ఫోన్ నంబరు మార్పు కోరి, ఆ తరువాతే మూసివేత అభ్యర్థన పంపాల్సి ఉంటుంది.